పదకొండు వేల చీటీ, పదకొండు వేల ఎనిమిది వందల బిల్లు: ఖర్చుల క్లెయిమ్‌లో ఏది నిలుస్తుంది, ఎందుకు

కర్నూలులో కార్యాలయం ఉన్న ఒక సంస్థ సౌర విద్యుత్ ప్లాంట్లకు మరమ్మతు పనులు చేస్తుందనుకుందాం. కడప జిల్లా మైలవరం మండలంలోని ఒక ప్లాంటులో కేబుల్ కాలిపోయిందని కబురు రాగానే సంస్థ తన టెక్నీషియన్‌ను పంపింది. అతను జమ్మలమడుగులోని ఒక ఎలక్ట్రికల్ షాపులో కేబులూ, నాలుగు ఎంసీబీలూ కొన్నాడు. సరుకు ధర రూ.10,000. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.11,800. షాపు యజమాని లెక్క వేసి, "పక్కా బిల్లయితే పదకొండు వేల ఎనిమిది నూర్లు అవుతాదన్నా, చీటీ చాలనుకుంటే పదకొండు వేలకే ఇస్తా" అన్నాడు. టెక్నీషియన్ సంస్థకు ఎనిమిది వందలు మిగిలాయన్న సంతోషంతో చీటీ తీసుకుని, తన ఫోన్ నుంచే యూపీఐలో డబ్బు కట్టాడు. మరుసటి వారం చీటీనీ, యూపీఐ స్క్రీన్‌షాట్‌నూ జతచేసి క్లెయిమ్ పెట్టాడు. అకౌంట్స్ విభాగం దాన్ని ఆపేసింది.

ఇలాంటి సందర్భంలో ఉద్యోగికి కోపం రావడం సహజం. సరుకు ప్లాంటులో కళ్లెదుట బిగించి ఉంది, డబ్బు తన ఖాతా నుంచే పోయింది, పైగా తక్కువకే కొన్నాడు. అకౌంట్స్ వాళ్లు కాగితాల కోసం పట్టుబడుతున్నారని అతనికి అనిపిస్తుంది. అతని నిజాయితీ గురించి ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు, ఉండకూడదు కూడా. చిక్కు ఎక్కడుందంటే, ఆ చీటీ డబ్బు చెల్లించిన సంగతిని మాత్రమే చెబుతోంది, సంస్థకు కావలసింది పన్నుతో సహా ఆ అమ్మకం ఎవరి నుంచి ఎవరికి జరిగిందో చెప్పే పత్రం.

ముందు డబ్బు లెక్క చూద్దాం, ఎందుకంటే ఆదా అయినట్టు కనిపించిన ఎనిమిది వందల దగ్గరే అసలు పొరపాటు ఉంది. ఈ మరమ్మతుకు సంస్థ తన ఖాతాదారుకు రూ.50,000 బిల్లు వేసి, దానిపై 18 శాతం కింద రూ.9,000 జీఎస్టీ వసూలు చేసిందనుకుందాం. ఆ తొమ్మిది వేలూ ప్రభుత్వానికి కట్టవలసినవి. అయితే పనికోసం కొన్న సరుకుపై తాను ముందే కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకునే హక్కు సంస్థకు ఉంది. దాన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. పక్కా బిల్లు తీసుకుని ఉంటే షాపుకు రూ.11,800, ప్రభుత్వానికి రూ.7,200, మొత్తం రూ.19,000 బయటికి వెళ్లేది. చీటీ తీసుకున్నందువల్ల షాపుకు రూ.11,000, ప్రభుత్వానికి పూర్తిగా రూ.9,000, మొత్తం రూ.20,000 వెళ్తుంది. ఎనిమిది వందలు మిగిల్చాననుకున్న టెక్నీషియన్ వల్ల సంస్థకు వెయ్యి రూపాయలు అదనంగా ఖర్చయింది. పక్కా బిల్లు మీద కనిపించే పదకొండు వేల ఎనిమిది వందలలో సంస్థ భరించే అసలు ధర పదివేలే. ఈ లెక్కను ఎవరూ ఉద్యోగికి ముందుగా చెప్పకపోతే, తక్కువ అంకె ఉన్న కాగితమే లాభమని అతను అనుకోవడంలో తప్పు లేదు.

ఈ లెక్క అన్ని సంస్థలకూ ఒకేలా వర్తించదన్నది కూడా చెప్పాలి. చికిత్సపై పన్ను లేని ఆసుపత్రి, బోధనపై పన్ను లేని పాఠశాల, విడిగా పన్ను వసూలు చేయకుండా టర్నోవరుపై చిన్న శాతం కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి వంటివారికి ఈ తగ్గింపు అందదు. వారికి ఆ రూ.1,800 నిజంగానే ఖర్చు. అలాంటి చోట బిల్లు అడగడానికి వేరే కారణాలు ఉంటాయి కానీ, ఈ కారణం ఉండదు.

ఇక చట్టం ఏం కోరుతోందో చూద్దాం. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 16 ప్రకారం క్రెడిట్ తీసుకోవాలంటే ట్యాక్స్ ఇన్‌వాయిస్ వంటి నిర్దేశిత పత్రం చేతిలో ఉండాలి, సరుకు లేదా సేవ అందాలి, అమ్మినవారు ఆ ఇన్‌వాయిస్‌ను తమ రిటర్నులో చూపాలి, ఆ పన్ను ప్రభుత్వానికి చేరాలి. ఇన్‌వాయిస్‌లో ఏమేమి ఉండాలో రూల్ 46 చెబుతుంది. అమ్మినవారి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, వరుస సంఖ్య, తేదీ, కొన్నవారు రిజిస్టరై ఉంటే వారి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, సరుకు వివరం, పన్ను రేటు, పన్ను మొత్తం, సంతకం మొదలైనవి అందులో ఉంటాయి. వీటిలో ఏదో ఒకటి లోపించినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. పన్ను మొత్తం, సరుకు వివరం, మొత్తం విలువ, ఇరువురి జీఎస్టీ నంబర్లు, రాష్ట్రాల మధ్య అమ్మకమైతే సరఫరా స్థలం, ఇవి ఉంటే మిగతా లోపాలు ఉన్నా క్రెడిట్ తీసుకోవచ్చని రూల్ 36 వెసులుబాటు ఇస్తోంది. జమ్మలమడుగు చీటీలో ఈ కనీస వివరాల్లో ఉన్నవి రెండే: "కేబుల్, ఎంసీబీ" అన్న మాట, రూ.11,000 అన్న అంకె. పన్ను ఎంతో లేదు, ఎవరి నంబరూ లేదు. యూపీఐ స్క్రీన్‌షాట్ ఈ లోటును పూడ్చలేదు. ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు ఎంత వెళ్లిందో అది చెబుతుంది, ఏ సరుకు కోసం వెళ్లిందో చెప్పదు. క్రెడిట్‌కు అర్హత ఉందని రుజువు చేసే బాధ్యత దాన్ని కోరేవారిదేనని సెక్షన్ 155 స్పష్టంగా చెబుతోంది కనుక, అధికారి అడిగినప్పుడు సరుకును చూపించి నమ్మమనడం కుదరదు.

ఎక్కువమందికి అర్థం కాని భాగం ఇకముందుది. టెక్నీషియన్ చీటీ కాకుండా చక్కగా అచ్చయిన కంప్యూటర్ బిల్లే తెచ్చాడనుకుందాం. అందులో షాపు జీఎస్టీ నంబరుంది, వరుస సంఖ్య ఉంది, రూ.900 కేంద్ర పన్ను, రూ.900 రాష్ట్ర పన్ను విడివిడిగా చూపారు. కానీ కొన్నవారి దగ్గర టెక్నీషియన్ పేరు రాశారు, లేదా "క్యాష్" అని వేశారు. పన్ను నిజంగా కట్టారు, బిల్లు నిజమైనదే, అయినా ఆ క్రెడిట్ సంస్థకు రాదు.

కారణం షాపు దాఖలు చేసే రిటర్నులో ఉంది. షాపు తన అమ్మకాలను జీఎస్టీఆర్-1లో చూపుతుంది. జీఎస్టీ నంబరున్న కొనుగోలుదార్లకు అమ్మిన ప్రతి ఇన్‌వాయిస్‌నూ, కొన్నవారి నంబరుతో సహా, నాలుగో పట్టికలో విడిగా నమోదు చేస్తుంది. నంబరు లేని సాధారణ వినియోగదారులకు జరిగిన ఇలాంటి చిల్లర అమ్మకాలను మాత్రం ఏడో పట్టికలో పన్ను రేటు వారీగా కలిపి ఒకే మొత్తంగా వేస్తుంది. నాలుగో పట్టికలో పడిన ఇన్‌వాయిస్ కొన్నవారి జీఎస్టీఆర్-2బి అనే పట్టీలో వచ్చి కూర్చుంటుంది. ఏడో పట్టికలో పడినది ఎవరి పట్టీలోనూ కనిపించదు, ఎందుకంటే ఆ మొత్తంలో ఎవరి పేరూ లేదు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 16(2)(ఎఎ) ప్రకారం ఇన్‌వాయిస్ ఇలా కొన్నవారికి తెలియజేయబడితేనే క్రెడిట్ దక్కుతుంది. అంటే బిల్లు రాసే సమయంలో సంస్థ నంబరు చెప్పారా లేదా అన్న ఒక్క విషయం, ఆ రూ.1,800 కర్నూలు సంస్థ పట్టీకి చేరుతుందా, షాపు అమ్మకాల మొత్తంలో పేరు లేకుండా కలిసిపోతుందా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. తర్వాత టెక్నీషియన్ తన చేతిరాతతో ఆ బిల్లు మీద సంస్థ నంబరు రాసినా ఉపయోగం ఉండదు. కాగితం మారింది కానీ షాపు రిటర్ను మారలేదు.

ఇక్కడే మరో ఆలస్యం కూడా ఎదురవుతుంది. ప్రతినెలా రిటర్ను వేసే వ్యాపారి మరుసటి నెల 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 దాఖలు చేయాలి, 14వ తేదీన కొన్నవారి 2బి తయారవుతుంది. కానీ టర్నోవరు ఐదు కోట్ల రూపాయల లోపున్న చిన్న షాపులు మూడు నెలలకొకసారి వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు. మండల కేంద్రాల్లోని షాపుల్లో ఈ పద్ధతిలో ఉన్నవి కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి షాపులో జులైలో కొన్న కేబుల్ బిల్లును వారు మధ్యలో నెలవారీ సదుపాయం ద్వారా ఎక్కించకపోతే, అది అక్టోబరు 14న గాని సంస్థ పట్టీలో కనిపించదు. ఆగస్టులో కనిపించలేదని ఉద్యోగి మీద అనుమానపడటం అన్యాయం. అకౌంట్స్ విభాగం ముందు షాపు ఏ పద్ధతిలో ఉందో చూసుకోవాలి.

ఆదాయపు పన్ను విషయానికి వస్తే పరీక్ష వేరుగా ఉంటుంది, దీన్ని జీఎస్టీతో కలిపి చూడటం వల్లనే చాలా గందరగోళం పుడుతోంది. 1961 నాటి చట్టంలోని సెక్షన్ 37(1) ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే జరిగిందా అని అడుగుతుంది తప్ప, ఫలానా నమూనాలో బిల్లు ఉండాలని పట్టుబట్టదు. కనుక జమ్మలమడుగు చీటీ ఇక్కడ పూర్తిగా పనికిరానిదేమీ కాదు. చీటీ, యూపీఐ వివరం, ప్లాంటులో పని జరిగినట్టు ఖాతాదారు సంతకం చేసిన సర్వీసు రిపోర్టు, వాడిన సరుకు జాబితా, ఇవన్నీ కలిపి పెడితే ఆ పదకొండు వేలు ఖర్చుగా నిలబడే అవకాశం బాగానే ఉంది. అయితే అదే మొత్తాన్ని నగదుగా ఇచ్చి ఉంటే మరో ప్రశ్న వచ్చేది. ఒకే వ్యక్తికి ఒకే రోజు రూ.10,000కు మించి నగదు చెల్లిస్తే సెక్షన్ 40ఎ(3) ఆ ఖర్చును ఒప్పుకోదు, కొన్ని మినహాయింపులు తప్ప. ఆరు వేలకొకటి, ఐదు వేలకొకటి అని రెండు చీటీలు రాయించుకున్నా, రోజు మొత్తాన్ని కలిపే చూస్తారు కనుక పరిమితి తప్పదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చినందున, ఏ సంవత్సరపు ఖర్చు అన్నదాన్నిబట్టి చూడవలసిన సెక్షన్ సంఖ్యలు మారతాయి.

చీటీ వల్ల ఉద్యోగికి కూడా ఇబ్బంది ఉంటుంది. పనికోసం తాను పెట్టిన ఖర్చును సంస్థ తిరిగి ఇస్తే అది జీతం కాదు. కానీ ఆ ఖర్చు పనికోసమే జరిగిందని చూపే ఆధారం లేకపోతే, తనిఖీలో ఆ మొత్తాన్ని అతని రాబడిగా లెక్కించాలన్న వాదన రావచ్చు. ఇంకా, వరుస సంఖ్య లేని చీటీని ఒకే ఖర్చుకు రెండుసార్లు వాడలేదని నిరూపించడం అతనికి కష్టం. నిజాయితీపరుడికి ఆ వరుస సంఖ్య ఒక రక్షణ అని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ప్రతి ఖర్చుకూ ట్యాక్స్ ఇన్‌వాయిస్ తెమ్మని నిలదీయడం కూడా అంతే పెద్ద తప్పు. కర్నూలు బస్టాండు నుంచి ఆఫీసుకు ఆటోలో వచ్చినవారిని, లారీ నుంచి కేబుల్ డ్రమ్ము దించిన హమాలీకి మూడు వందలు ఇచ్చినవారిని జీఎస్టీ బిల్లు ఏదని అడగడంలో అర్థం లేదు. అక్కడ తేదీ, పని, మొత్తం, డబ్బు తీసుకున్నవారి సంతకం ఉన్న వోచరే సరైన పత్రం. చెల్లింపు రూ.5,000 దాటితే రసీదుపై రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం తీసుకోవాలి. ఆర్టీసీ బస్సుకు టికెట్టే పత్రం. పెట్రోలు జీఎస్టీ పరిధిలోనే లేదు కనుక బంకు ఇచ్చే స్లిప్పు చాలు. భోజనం బిల్లుపై సంస్థ నంబరు వేయించినా సెక్షన్ 17(5) వల్ల సాధారణంగా క్రెడిట్ రాదు, కాబట్టి హోటల్ కౌంటరు దగ్గర ఉద్యోగిని నంబరు కోసం నిలబెట్టడం వృథా శ్రమ.

రిజిస్టరు కాని చిన్న వ్యాపారి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవరు రూ.40 లక్షలు, సేవలు చేసేవారికి రూ.20 లక్షలు దాటితేనే సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అనంతపురంలో ఒక చిన్న వెల్డింగ్ షాపు ఆ పరిమితి లోపలే ఉంటే, అతను జీఎస్టీ వసూలు చేయకూడదు, ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వలేడు. అతని పేరు, చిరునామా, ఫోన్ నంబరు, చేసిన పని, మొత్తం, సంతకం ఉన్న మామూలు బిల్లే అతను ఇవ్వగల సరైన పత్రం, సంస్థ దాన్ని తీసుకోవాలి. దీన్ని తిరస్కరించే కార్యాలయాలు ఉద్యోగుల్ని తప్పుడు బిల్లుల వైపు తామే నెడుతున్నాయి. కాంపొజిషన్ పథకంలోని వ్యాపారి ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. దాని పైభాగంలో తాను పన్ను వసూలు చేయడానికి అర్హుణ్ణి కానని రాసి ఉండాలి. ఆ మాట రాసి ఉన్న బిల్లులో కిందకు వచ్చేసరికి 18 శాతం విడిగా కలిపి ఉంటే, ఆ బిల్లును అక్కడే ఆపాలి.

కర్నూలు సరిహద్దు పట్టణం కాబట్టి హైదరాబాదు సంస్థలకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. తెలంగాణలో మాత్రమే రిజిస్టరైన సంస్థ ఉద్యోగి కర్నూలు లాడ్జిలో బస చేస్తే, గది ఉన్న చోటే సరఫరా స్థలం అవుతుంది కనుక ఆంధ్రప్రదేశ్ పన్ను పడుతుంది. బిల్లులో అన్ని వివరాలూ సరిగ్గా ఉన్నా ఆ పన్ను క్రెడిట్ తెలంగాణ రిజిస్ట్రేషన్‌కు రాదు. ఇక్కడ బిల్లు అవసరమే, కానీ ఆదాయపు పన్ను కోసం, సంస్థ సొంత తనిఖీ కోసం.

మంచి బిల్లును గుర్తుపట్టడం పెద్ద కష్టమేమీ కాదు. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైతే అది 37తో, తెలంగాణలో అయితే 36తో మొదలవుతుంది, తర్వాతి పది అక్షరాలు పాన్ సంఖ్య. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు వెతికితే వ్యాపారి పేరు, రిజిస్ట్రేషన్ అమల్లో ఉందా లేదా, కాంపొజిషన్‌లో ఉన్నారా అన్నవి లాగిన్ లేకుండానే కనిపిస్తాయి. పైన "ఎస్టిమేట్" అని అచ్చయి, కింద చేత్తో జీఎస్టీ నంబరు రాసిన కాగితం ఇన్‌వాయిస్ కాదు. యూపీఐ చెల్లింపు వేరే మనిషి పేరు మీదికి వెళ్లిందంటే మాత్రం వెంటనే తప్పు పట్టకూడదు, చిన్న షాపుల యజమానులు సొంత పేరున్న ఖాతానే వాడుతుంటారు. ఆ పేరు బిల్లులోని యజమాని పేరుతో సరిపోతే చాలు. థర్మల్ కాగితపు బిల్లులు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. జీఎస్టీ పత్రాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి, అలాంటి బిల్లు చేతికి రాగానే ఫొటో తీసి పెట్టుకోవడం మేలు.

ఇక చీటీ ఇప్పటికే చేతిలో ఉన్న టెక్నీషియన్ ఏం చేయాలి? మొదటి పని, షాపుకు ఫోన్ చేసి సంస్థ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు పంపి, అదే సరుకుకు సరైన ఇన్‌వాయిస్ అడగడం, మిగిలిన ఎనిమిది వందలు చెల్లించడం. షాపు ఆ నెల జీఎస్టీఆర్-1 ఇంకా వేయకపోతే ఇది తేలికైన పని. అతని పేరు మీద అచ్చు బిల్లు ఇచ్చి రిటర్ను కూడా వేసేసి ఉంటే, ఆ అమ్మకాన్ని తర్వాతి రిటర్నులో సవరించాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను దాఖలు, ఏది ముందైతే అదే ఈ సవరణకూ, సంస్థ క్రెడిట్ తీసుకోవడానికీ చివరి గడువు.

షాపు ఒప్పుకోకపోతే, సరుకు అమ్మని మరో షాపు నుంచి అంతే మొత్తానికి బిల్లు తెప్పించి ఫైల్లో పెట్టాలన్న ఆలోచన కొన్నిచోట్ల వస్తుంది. దాన్ని మొదట్లోనే తుంచేయాలి. సరుకు అందకుండా ఇన్‌వాయిస్ ఇచ్చినవారికీ, దానిపై క్రెడిట్ తీసుకున్నవారికీ సెక్షన్ 122 కింద రూ.10,000 లేదా ఆ పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అది జరిమానా పడుతుంది. వెయ్యి రూపాయల నష్టాన్ని పూడ్చబోయి తెచ్చుకునే ప్రమాదం ఇది. అలాంటప్పుడు సంస్థ చేయవలసింది వేరు. ఏ పనికి, ఏ రోజు, ఏ షాపులో, ఎందుకు బిల్లు దొరకలేదో టెక్నీషియన్ చేత ఒక పేజీ వివరణ రాయించి, అతని పైఅధికారి సంతకం తీసుకుని, చీటీనీ యూపీఐ వివరాన్నీ సర్వీసు రిపోర్టునూ దానికి జతచేయాలి. అతనికి పదకొండు వేలూ చెల్లించాలి. పుస్తకాల్లో పదకొండు వేలనూ ఖర్చుగానే రాయాలి, అందులోంచి పన్నును లెక్కగట్టి క్రెడిట్ ఖాతాలోకి మళ్లించకూడదు. సంస్థ జీఎస్టీ నంబరు, పూర్తి పేరు, చిరునామా అచ్చు వేసిన చిన్న కార్డును బయటి పనులకు వెళ్లే ప్రతి ఉద్యోగికీ ఇస్తే, తర్వాతిసారి కౌంటరు దగ్గర అతను అది చూపించి బిల్లు రాయించుకోగలుగుతాడు.